నడుము 33, అంగడిలో ఉన్నవి 32, 34: సాగే ప్యాంటులో ఏ సైజు ఉంచుకోవాలి?

మద్దిలపాలెం రవి | శనివారం ఉదయం 9:40

నమస్కారం. నా నడుము 33 అంగుళాలు. జగదాంబ కూడలి నుంచి గాజువాక దాకా ఎన్ని దుకాణాలు తిరిగినా 32 తర్వాత 34 తీసి చూపిస్తున్నారు తప్ప 33 అన్న అంకె నా కంట పడలేదు. విసుగొచ్చి ఒకే రకం ప్యాంటు 32లో ఒకటి, 34లో ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. ఒకటి బుధవారంలోగా వెనక్కి పంపాలి.

జీన్స్ కాదు, ఆఫీసుకు వేసుకునే నూలు ప్యాంటు. లోపలి చీటీ మీద నూలు 97 శాతం, ఎలాస్టేన్ 3 శాతం అని ఉంది. 32 వేసుకుని నిలబడితే అచ్చు కొలిచి కుట్టించినట్టే ఉంది. కుర్చీలో కూర్చుంటే మాత్రం బొత్తం దగ్గర పొట్టను పట్టేస్తోంది. 34 అయితే వెనక సంచిలా వేలాడుతోంది. రోజంతా కూర్చునే ఉద్యోగం, పైగా బండి మీద రానూపోనూ ముప్పై కిలోమీటర్లు. సాగే బట్టే కదా, నాలుగు రోజులు వేసుకుంటే 32 సర్దుకుంటుందా?

బరువులెత్తే బాలు | శనివారం ఉదయం 10:05

ఇందులో ఆలోచించడానికి ఏముంది సోదరా? సాగే బట్ట అయితే చిన్న సైజు, సాగనిదైతే పెద్ద సైజు. పదేళ్లుగా నాది ఇదే లెక్క, ఎప్పుడూ తప్పలేదు. జిమ్‌కు వేసుకునే ప్యాంట్లన్నీ ఒక సైజు తక్కువే తీసుకుంటాను. వారం తిరిగేసరికి ఒంటికి అతికినట్టు కూర్చుంటాయి. 32 ఉంచేయండి.

పద్మ, సీతమ్మధార | శనివారం ఉదయం 10:50

నాదీ ఇదే సమస్య కాబట్టి ఇక్కడే అడుగుతున్నాను. సాగే రెడీమేడ్ జాకెట్టు కొందామనుకుంటున్నాను. నా ఛాతీ 37. వాళ్ల దగ్గర 36, 38 ఉన్నాయి. సాగుతుంది కాబట్టి 36 చాలంటోంది దుకాణంలో అమ్మాయి. వచ్చే నెల మా ఆడపడుచు కూతురి పెళ్లి. భోజనాల దగ్గర చెయ్యెత్తి వడ్డించాల్సింది నేనే, చంక కింద పిగిలితే పరువు పోతుంది.

ఉక్కునగరం సూర్యారావు | శనివారం ఉదయం 11:20

34 కొనుక్కుని బెల్టు పెట్టుకో నాయనా. ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో నేను చేసింది అదే. సాగే బట్టలూ సాగని బట్టలూ అని మా కాలంలో ఎవరూ అడగలేదు. దర్జీ దగ్గరికి వెళ్తే ఒళ్లు కొలిచి కుట్టేవాడు, ఈ సైజుల గొడవే లేదు.

టేపు సుజాత | శనివారం మధ్యాహ్నం 12:35

అచ్యుతాపురం వైపు ఒక వస్త్ర కర్మాగారంలో పదకొండేళ్లు కొలతల తనిఖీ చూశాను. ఇప్పుడు మానేశాను కానీ చేతిలో టేపు మాత్రం వదలలేదు.

రవి గారూ, 32 అన్నది ప్యాంటు పేరు మాత్రమే. ఒక కంపెనీ 32 టేపుకు 32 చూపిస్తే, ఇంకో కంపెనీది అదే పేరుతో 34 చూపిస్తుంది. కాబట్టి మీ ఒంటి కొలతను చీటీ మీది అంకెతో పోల్చకండి, ప్యాంటునే కొలవండి. బొత్తం పెట్టి మంచం మీద పరచండి. ముందు పట్టీ కాస్త కిందికి జారి ఉంటుంది. దాన్ని పైకి జరిపి వెనక పట్టీ అంచుతో సమానం చేయండి. బట్టను లాగకుండా ఈ చివర నుంచి ఆ చివరకు కొలిచి రెట్టింపు చేస్తే నడుము వస్తుంది. కాళ్లు కలిసే కుట్టు నుంచి మూడు అంగుళాలు పైకి వెళ్లి అడ్డంగా కొలిచి రెట్టింపు చేస్తే సీటు. అదే కుట్టుకు అంగుళం కింద ఒక కాలిని కొలిచి రెట్టింపు చేస్తే తొడ.

తర్వాత మీ ఒంటిని కొలవండి. నడుమును రెండుసార్లు చూడాలి. ఒకటి నిలబడి, రెండోది భోజనం చేశాక కుర్చీలో కూర్చుని. పట్టేది కూర్చున్నప్పుడే అని మీరే రాశారు కదా, అయితే నిలబడి కొలిచిన 33తో మనకు పెద్దగా పని లేదు.

ఇంకొక్క పని. ప్యాంటు తొడ మీద అడ్డంగా పది సెంటీమీటర్ల దూరంలో రెండు గుండుసూదులు గుచ్చి, చేతులకు గట్టిగా తగిలేదాకా లాగి ఎంతైందో చూడండి. అదే పరీక్ష నడుము పట్టీ మీద కూడా చేయండి. చీటీలు మాత్రం ఇప్పుడే తెంచకండి.

బరువులెత్తే బాలు | శనివారం మధ్యాహ్నం 12:50

అమ్మా, బట్ట ఒకటే కదా. తొడ దగ్గర ఎంత సాగితే నడుము దగ్గరా అంతే సాగుతుంది. రెండు చోట్ల కొలవడం దేనికి?

టేపు సుజాత | శనివారం మధ్యాహ్నం 1:15

రవి గారి అంకెలు రానివ్వండి బాలు గారూ, దేనికో అవే చెబుతాయి.

మద్దిలపాలెం రవి | శనివారం సాయంత్రం 6:30

కొలిచాను. మా ఆవిడ టేపు పట్టుకుంది, నేను రాసుకున్నాను.

నా ఒళ్లు: నిలబడితే నడుము 33, అన్నం తిని కూర్చుంటే 34 పావు. సీటు 39 ముప్పావు, తొడ 23.
32 ప్యాంటు: నడుము 33, సీటు 40, తొడ 23 ముప్పావు.
34 ప్యాంటు: నడుము 35, సీటు 42, తొడ 24 ముప్పావు.

సూదుల పరీక్ష 32 మీద చేశాను. తొడ దగ్గర పది సెంటీమీటర్లు పన్నెండు అయ్యాయి. నడుము పట్టీ మీద మాత్రం ఎంత లాగినా పది దాటి రెండు మిల్లీమీటర్లు. రెండు ప్యాంట్లలోనూ అంతే. బట్ట ఒకటే అయినప్పుడు ఇలా ఎందుకు?

టేపు సుజాత | శనివారం రాత్రి 8:10

ఇలాంటి నేత బట్టలో ఎలాస్టేన్ సాధారణంగా అడ్డంగా నేసే పేక దారంలోనే ఉంటుంది. ఆ సన్నటి పోగును మధ్యలో పెట్టి చుట్టూ నూలు చుడతారు. నిలువుగా వచ్చే పడుగు మామూలు నూలే. అందుకే బట్ట అడ్డంగా సాగి, నిలువుగా బిగదీసుకుని ఉంటుంది. ప్యాంటు కాళ్లను పడుగు నిలువుగా వచ్చేలా కత్తిరిస్తారు కాబట్టి సాగే పేక మీ తొడ చుట్టూ, సీటు చుట్టూ తిరుగుతుంది. అక్కడ పది కాస్తా పన్నెండు అయింది అందుకే.

నడుము పట్టీ సంగతి వేరు. పొడవాటి సన్నటి పేలిక కాబట్టి చాలా చోట్ల దాన్ని పడుగు వెంబడే కోస్తారు, బట్ట కూడా ఆదా అవుతుంది. అప్పుడు మీ నడుము చుట్టూ తిరిగేది సాగని పడుగు. అది చాలదన్నట్టు పట్టీ మడతలు పడకుండా లోపల బక్రమో, అంటించే ఫ్యూజింగో వేస్తారు. అడ్డంగా కోసిన పట్టీ అయినా ఆ బక్రం దాన్ని సాగనివ్వదు. లోపల ఎలాస్టిక్ పెట్టిన పట్టీ అయితే తప్ప, చీటీ మీది 3 శాతం నడుముకు దాదాపు వర్తించదు.

మీ లెక్కకు వద్దాం. 32లో సీటుకు పావు అంగుళం, తొడకు ముప్పావు అంగుళం వదులుంది. సాగని బట్ట అయితే సీటుకు ఇది చాలదు, కనీసం రెండు అంగుళాలైనా ఉంటే గానీ వంగలేరు. మీ బట్ట పదికి రెండు ఇస్తోంది కాబట్టి ఇబ్బంది లేదు. బాలు గారి సూత్రం ఇక్కడిదాకా నిజమే. నడుము దగ్గర అది పనిచేయదు. కూర్చుంటే మీకు కావలసింది 34 పావు, 32లో ఉన్నది 33. ఆ రెండు మిల్లీమీటర్ల లెక్కన చుట్టంతా కలిపి పట్టీ ఇచ్చేది అర అంగుళం పైచిలుకు. ఇంకా అర అంగుళానికి పైగా తక్కువ. నాలుగు రోజులు కాదు, నాలుగు నెలలు వేసుకున్నా అది సర్దుకోదు.

34లో నడుము కూర్చున్నప్పుడు సరిగ్గా ఉంటుంది, నిలబడితే రెండు అంగుళాలు వదులు. సీటు రెండు పావు వదులు, దాని మీద సాగుడు కూడా. సాయంత్రానికి ఆ సీటు ఇంకా జారుతుంది.

అంటే మీ సీటు, తొడ 32వి. కూర్చున్న నడుము 34ది.

బరువులెత్తే బాలు | శనివారం రాత్రి 8:40

ఇప్పుడే నా జిమ్ ప్యాంటు తీసి చూశాను. నడుముకు ఎలాస్టిక్. బట్ట కూడా నేతది కాదు, బనీనులా అల్లిన రకం. పదేళ్ల లెక్క ఎందుకు తప్పలేదో ఇప్పుడు తెలిసింది. అయినా రవి గారూ, ఒక అంగుళం పొట్ట తగ్గించడం దర్జీ కన్నా చవక.

మద్దిలపాలెం రవి | శనివారం రాత్రి 8:55

బుధవారంలోగానా సోదరా?

పూర్ణామార్కెట్ కత్తెర | ఆదివారం ఉదయం 7:15

ఇరవై ఆరేళ్లుగా ప్యాంట్లు కుడుతున్నాను. సుజాతమ్మ చెప్పిన బట్ట లెక్క ఒప్పుకుంటాను, ఆమె చెప్పబోయేది కూడా ఊహించగలను: 32 ఉంచుకుని నడుము విప్పించండి అంటారు. నేనైతే 34 ఉంచుకుని తగ్గించమంటాను. ఉన్న బట్టను లోపలికి మడవగలం గానీ, లేని బట్టను ఎక్కడ నుంచి తెస్తాం? వెనక నడిమి కుట్టును నడుము దగ్గర అంగుళం లోపలికి తీసుకుని, సీటు దాకా వాలుగా దింపుకుంటూ వస్తే సంచి కూడా కొంత తగ్గుతుంది. అంగుళంన్నర దాటితే మాత్రం వెనక జేబులు రెండూ ఒకదాని వైపు ఒకటి జరిగి చూడటానికి ఎబ్బెట్టుగా ఉంటాయి. నిలబడినప్పుడు మిగిలే ఆ కాస్త వదులుకు సూర్యారావు గారు చెప్పిన బెల్టు ఉండనే ఉంది.

టేపు సుజాత | ఆదివారం ఉదయం 9:00

ఊహ నిజమే మాస్టారూ. కానీ 34లో పెద్దది నడుము ఒక్కటే కాదు. ముందు వైపు బొత్తం నుంచి కాళ్లు కలిసే కుట్టు దాకా ఉండే పొడవు కూడా పెరుగుతుంది, తొడ, మోకాలు కూడా వెడల్పు అవుతాయి. వెనక కుట్టు ఎంత బిగించినా ముందు కిందికి వేలాడటం పోదు. లోపల బట్ట ఉందో లేదో చూడకుండానే లేదనుకోవడం ఎందుకు? రవి గారూ, 32ను తిరగేసి వెనక నడిమి కుట్టు చూడండి. రెండు పక్కలా ఎంత బట్ట మిగిలి ఉంది? నడుము పట్టీకి కూడా అక్కడే అతుకు ఉందా, లేక పట్టీ ఒకటే ముక్కగా చుట్టూ వచ్చిందా?

మద్దిలపాలెం రవి | ఆదివారం ఉదయం 10:20

తిరగేసి చూశాను. నడుము దగ్గర రెండు పక్కలా ముప్పావు అంగుళం చొప్పున ఉంది, కిందికి వచ్చే కొద్దీ సన్నబడింది. పట్టీకి కూడా వెనక సరిగ్గా మధ్యలో అతుకు ఉంది. నా పాత జీన్స్ కూడా తీసి పోల్చాను. దాని పట్టీ ఒకటే ముక్క, వెనక కుట్టు రెండు వరుసలతో మడిచి కుట్టేసి ఉంది. లోపల మిగులు బట్ట గోరంత కూడా లేదు.

పూర్ణామార్కెట్ కత్తెర | ఆదివారం మధ్యాహ్నం 12:05

అయితే సరే, విప్పవచ్చు. ఒక్కో పక్కన అర అంగుళం వదిలితే మొత్తం అంగుళం వస్తుంది, పావు అంగుళం కుట్టుకు మిగులుతుంది. 33 కాస్తా 34. పట్టీ ఇచ్చే అర అంగుళం కూడా కలుపుకుంటే 34 పావుకు సరిపోతుంది. జీన్స్‌తో ఈ పని కాదు, ఎవరైనా చేస్తామంటే పక్కల ముక్కలు అతికిస్తారు.

రెండు జాగ్రత్తలు. ఒకసారి ఉతికాక వద్దు, కొత్తదిగా ఉండగానే విప్పించండి. రంగు వెలిసిన బట్టలో పాత కుట్టు గీత ముదురుగా బయటపడుతుంది. ఆ గీత నొక్కడానికి ఇస్త్రీ పెట్టెను మరీ కాల్చకండి, తడి గుడ్డ పరిచి నొక్కండి. ఎక్కువ వేడికి ఆ సాగే పోగు చచ్చిపోతుంది. ఇక కుట్టే అతనికి పాలిస్టర్ దారంతో రెండు వరుసలు వేయమనండి. సీటు సాగుతుంది, నూలు దారం సాగదు, కింద కూర్చోగానే టప్పున తెగుతుంది.

అయినా ఇది నా ప్యాంటు అయితే 34నే తగ్గించుకునేవాడిని. రెండేళ్లలో నడుము పెరుగుతుందా, తగ్గుతుందా? నా గిరాకీల్లో తగ్గినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఉక్కునగరం సూర్యారావు | ఆదివారం మధ్యాహ్నం 12:30

ఈ చివరి మాటకు నా ఓటు.

పద్మ, సీతమ్మధార | ఆదివారం మధ్యాహ్నం 3:45

నా జాకెట్టు సంగతి ఎవరైనా చూస్తారా?

టేపు సుజాత | ఆదివారం సాయంత్రం 5:20

క్షమించండి పద్మ గారూ, ప్యాంటులో పడిపోయాం. ముందు జాకెట్టును లోపలికి తిప్పి చూడండి. లైనింగ్ ఉందా? పైబట్ట ఎంత సాగినా లోపల వేసింది మామూలు నూలు లైనింగ్ అయితే అది పట్టేస్తుంది, అప్పుడు దాన్ని సాగని జాకెట్టుగానే లెక్కవేయాలి. లైనింగ్ లేని అల్లిక బట్ట అయితే 36 ఛాతీకి పడుతుంది, ఆ అమ్మాయి చెప్పింది అంతవరకు సరైనదే. కానీ మీరు చెయ్యెత్తాలి. వేసుకుని చూసేటప్పుడు రెండు చేతులూ తల మీదికి ఎత్తండి. జాకెట్టు కింది అంచు పైకి లేచిపోయినా, భుజం కుట్టు మెడ వైపు జరిగినా ఛాతీ కొలత ఎంత సరిపోయినా వదిలేయండి. పక్కల కుట్టు బిగించడం ఎవరైనా చేస్తారు, భుజం చిన్నదైతే దాన్ని పెంచే దారి లేదు.

పద్మ, సీతమ్మధార | ఆదివారం సాయంత్రం 6:00

లైనింగ్ ఉంది! ఆమె అది చెప్పనే లేదు. అయితే 38 తీసుకుని పక్కలు బిగించుకుంటాను.

మద్దిలపాలెం రవి | బుధవారం రాత్రి 9:30

34 వెనక్కి వెళ్లింది. 32ను ద్వారకానగర్‌లో ఒక దర్జీకి ఇచ్చి వెనక అంగుళం విప్పించాను. పాలిస్టర్ దారం అనగానే నా వైపు ఒక చూపు చూశాడు కానీ వేశాడు. ఇప్పుడు కూర్చుంటే బొత్తం దగ్గర వేలు దూరుతోంది. పాత గీత చొక్కా కింద ఉంటుంది కాబట్టి కనపడదు.

మద్దిలపాలెం రవి | మూడు వారాల తర్వాత, ఆదివారం ఉదయం 8:50

నడుము హాయిగా ఉంది, సీటు బాగుంది. కొత్త గొడవ మోకాళ్ల దగ్గర వచ్చింది. నిన్న బండి మీద రుషికొండ వెళ్లి వచ్చేసరికి రెండు మోకాళ్ల దగ్గరా బుడిపెల్లా లేచాయి. ఉతికితే పోతున్నాయి, మళ్లీ సాయంత్రానికి వస్తున్నాయి. సూదుల పరీక్ష ఇప్పుడు మోకాలి మీద చేస్తే, లాగి వదిలాక పది సెంటీమీటర్లు పదికి రావడం లేదు, పదీ మూడు మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతోంది.

టేపు సుజాత | ఆదివారం ఉదయం 10:15

లాగితే ఎంత వస్తుందో చూడమన్నాను గానీ వదిలాక ఎంత వెనక్కి వెళ్తుందో చూడమనలేదు, ఆ తప్పు నాది. సాగడం ఒకటి, తిరిగి రావడం ఇంకొకటి. మీ బట్టకు రెండోది తక్కువ. ఎక్కడ ఆరేస్తున్నారు?

మద్దిలపాలెం రవి | ఆదివారం ఉదయం 10:40

మేడ మీద. ఈ ఊరి చెమ్మకు నీడలో వేస్తే రెండు రోజులైనా ఆరదు, పట్టీ దగ్గర వాసన వస్తుంది.

టేపు సుజాత | ఆదివారం ఉదయం 11:05

ఎండ వేడి ఆ పోగుకు మంచిది కాదు. తిరగేసి, నడుము పట్టీ పైకి ఉండేలా తగిలించి, గాలి తగిలే వరండాలో వేయండి. మందంగా ఉండే పట్టీయే ఆలస్యంగా ఆరుతుంది, దానికి గాలి తగిలితే చాలు. మూడు వారాలకే ఇలా అయిందంటే మాత్రం ఎండ ఒక్కటే కారణం అనుకోను.

పూర్ణామార్కెట్ కత్తెర | ఆదివారం మధ్యాహ్నం 1:00

మోకాలి దగ్గర వెడల్పు ఉండి ఉంటే బండి మీద కాలు మడిచినప్పుడు బట్ట అంతగా సాగేది కాదు. 34లో ఆ వెడల్పు ఉంది. నేను ఆ రోజే చెప్పాను.

టేపు సుజాత | ఆదివారం మధ్యాహ్నం 1:25

మీరు చెప్పింది నడుము పెరుగుతుందని మాస్టారూ, మోకాలి మాట ఎత్తలేదు. మోకాలు, తొడ వెడల్పు అవుతాయన్నది నేను. అప్పుడు దాన్ని 34 దోషాల్లో లెక్కవేశాను, అది వేరే సంగతి.

బరువులెత్తే బాలు | ఆదివారం మధ్యాహ్నం 1:40

అదే బట్ట, 34 కొన్నవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? మోకాళ్ల ఫోటో పెట్టండి, చూద్దాం.